గోడ వెనక గోడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కట్టలేదు గానీ కట్టిన ఫ్లాటు కొనుక్కున్నాం. పెళ్లంటారా, ఇద్దరాడపడుచుల పెళ్లిళ్లకి వడ్డనలు చేసిన చేతులే ఇవి. ఆ రెంటికీ నేను బెదరలేదు. కానీ ఉన్న ఇంటిని బాగుచేయించి చూడు అన్న మూడో మాట పెద్దలు ఎందుకు చేర్చలేదో 2023 వేసవిలో నాకు బాగా తెలిసొచ్చింది. ఆ మాట చేర్చి ఉంటే జనం మొదటి రెండూ కూడా మానుకుంటారని భయపడి ఉంటారు!

విజయవాడలో మాది మూడో అంతస్తు. 1994లో కట్టిన భవనం. ఒకరోజు పొద్దున్నే కిందింటి మాస్టారుగారి భార్య వచ్చి, కాఫీ కూడా పుచ్చుకోకుండా, "మీ స్నానాలగది మా దేవుడి గదిలోకి కారుతోందండీ" అంది. వెళ్లి చూద్దును కదా, వేంకటేశ్వరస్వామి పటం పైన సీలింగు మీద ఇండియా మ్యాపులాగా తడిమచ్చ. దాని అంచుల్లో తెల్లటి ఉప్పు పొంగి ఉంది. సరిగ్గా స్వామివారి కిరీటం మీదకి చుక్క చుక్కగా అభిషేకం జరుగుతోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా ఆ నెలలోనే మా మరిది ఉద్యోగం మానేశాడు. అతను పదిహేనేళ్లు ఒక బిల్డింగు కంపెనీలో సైటు సూపర్‌వైజరు. నెలకి 38,000 జీతం. ఒక ఊళ్లో భవనం లేవగానే ఇంకో ఊరికి పంపేవారు. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చే నాన్నని పిల్లలు చుట్టాన్ని చూసినట్టు చూసేవారట. పైగా ఇళ్లు అప్పగించాక కూడా జనం ఇతనికే ఫోను చేసి, "బాబూ, ఈ టైలు కదిలింది, ఆ గోడ చెమ్మగిల్లింది, ఓసారి వచ్చి చూస్తావా" అని అడిగేవారు. ఇంతమందికి చిన్న చిన్న మరమ్మతులు కావాలి, చేసేవాళ్లు దొరకడం లేదు, నేనే సొంతంగా ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు. చేతిలో ఇద్దరు తాపీమేస్త్రీలు, ఒక ప్లంబరు, ఒక పాత మోటారు సైకిలు. మొదటి బేరం ఎవరిదంటారు? సాక్షాత్తు వదినగారిదే.

"చూశావా, ఇంట్లోనే కాంట్రాక్టరున్నాడు, మనకేం దిగులు" అన్నారు మావారు. బ్యాంకు ఉద్యోగి కదా, ఏది కలిసొస్తుందో ముందు లెక్క వేసుకుంటారు.

మరిది వచ్చాడు. నేను గునపాలూ సమ్మెటలూ వస్తాయనుకుంటే అతను ముందు అడిగింది నీలిమందు. "వదినా, నాలుగురోజులు ఈ గది వాడకండి. కుళాయిల వాల్వు మాత్రం తెరిచే ఉంచండి" అన్నాడు. ఎందుకయ్యా అంటే, మంచినీళ్ల పైపు చిల్లుపడితే మనం స్నానం చేసినా చెయ్యకపోయినా రాత్రింబవళ్లు కారుతూనే ఉంటుందట. వాడిన నీళ్లు పోయే గొట్టమో, నేలో పాడైతే వాడినప్పుడే కారుతుందట. అయితే ఒకరోజుతో తేల్చకూడదట. మన స్నానాలగది నేల కింద అడుగు లోతు పల్లం ఉంటుంది, దాన్ని ఇటుకముక్కలతో నింపుతారు. ఆ ముక్కలు నీళ్లు తాగి ఊరగాయ ముక్కల్లా నాని ఉంటాయి. గది వాడటం ఆపేసినా అవి రెండుమూడు రోజులు కక్కుతూనే ఉంటాయి. తొందరపడ్డవాడు అది చూసి కుళాయి పైపే కారుతోందని గోడంతా పగలగొడతాడు.

రెండోరోజూ కింద చుక్క పడింది. మూడోరోజు పలచబడింది. నాలుగోరోజు ఆగింది. అప్పుడు మరిది నీలిమందు కలిపిన బకెట్టు నీళ్లు నేలమీద జాలీ కిందుండే ట్రాపులో పోశాడు. మర్నాటి మధ్యాహ్నానికి మాస్టారింటి సీలింగుకి నీలం అంచు వచ్చింది. "దొరికింది. ట్రాపు దగ్గర అతుకు విడిచేసింది" అన్నాడు. కిందింటావిడ మాత్రం, "దొరికితే దొరికింది గానీ, స్వామివారికి నీలిమందేమిటండీ!" అని లెంపలు వేసుకుంది.

ఆ సాయంత్రం అతను కాగితం రాసి అన్నగారి చేతిలో పెట్టాడు. సామానూ కూలీ కలిపి 80,000, దాని మీద పదోవంతు తన లాభం 8,000, మొత్తం 88,000. పద్నాలుగు రోజులు. టైలు ఎంత, సిమెంటెంత, మేస్త్రీకెంత, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. మావారు తృప్తిగా తలాడించారు. ఆ కాగితంలో లేనివేమిటో ఆ రోజు మా ముగ్గురికీ తెలియదు.

మొదటి లేనిది రెండోరోజే బయటపడింది. ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు గది. చెప్పుకోడానికి అగ్గిపెట్టె. కానీ ఏడడుగుల ఎత్తు వరకూ గోడల టైళ్లూ, వాటి వెనక సున్నమూ, నేలలోని అడుగు లోతు ఇటుకముక్కలూ తవ్వి పోసేసరికి హాల్లో కొండ లేచింది. గోడలో బుద్ధిగా ఒదిగి ఉన్న సరుకు తవ్వితే ఒకటిన్నర రెట్లు పొంగుతుందట. సిమెంటు సంచుల్లోకి ఎత్తితే తొంభై సంచులు! లిఫ్టులో వెయ్యకూడదని భవనం సెక్రటరీ అడ్డుపడ్డారు. సంచికి 50 రూపాయల చొప్పున మోతకూలీ 4,500, ట్రాక్టరుకి 3,000.

"సైటులో దీనికి లెక్కే ఉండదు వదినా. కంపెనీ లిఫ్టు ఉంటుంది, కంపెనీ టిప్పరు వస్తుంది. రాళ్లు ఎటుపోతాయో నేను ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. 7,500 తన జేబులోంచే ఇచ్చాడు. చెప్పిన మాట చెప్పిందేనన్నాడు పాపం.

రెండోది మూడోరోజు. గోడలో కుళాయి పక్కన ఉలి తగలగానే పాత ఇనప పైపు ముక్క, వేయించిన అప్పడంలా ఫెళ్లున విరిగింది. లోపల పైపు సగానికి పైగా తుప్పుతో పూడుకుపోయి ఉంది. అది ఇన్నాళ్లూ కారలేదు, నిజమే. కానీ కారబోతోంది. దాన్ని అలాగే ఉంచి, పైన కొత్త టైళ్లు అతికించేస్తే ఎవరికీ తెలియదు. రెండేళ్లకో మూడేళ్లకో మళ్లీ ఆ టైళ్లన్నీ పగలగొట్టాలి. మొత్తం మార్చాలంటే బయట డక్టు దాకా నలభై అయిదు అడుగుల ప్లాస్టిక్ పైపు, కూలీ, అంతా కలిసి 11,000.

ఆ మాట అన్నగారి చెవిన వెయ్యగానే ఇంట్లో వాతావరణం మారిపోయింది. "పదిహేనేళ్లు ఇదే పని చేశావు కదరా, ఆ మాత్రం ముందే తెలీదూ? ఎస్టిమేటు ఇచ్చాక ఇంకేమిటి?" అన్నారు మావారు. మాటలో కోపం లేదు, కానీ బ్యాంకు కౌంటరు అవతలివాళ్లతో మాట్లాడే గొంతు అది. మరిది కాసేపు తలొంచుకుని, "కొత్త ఇంట్లో గోడ వెనక ఏముందో నాకు తెలుసన్నయ్యా, పెట్టించింది నేనే గనక. పాత ఇంట్లో పెట్టినవాడు పెట్టి వెళ్లిపోయాడు. తెరిస్తే గానీ ఎవరికీ తెలీదు" అన్నాడు.

అంతకుమించి ఒక్కమాట అనలేదు. మర్నాడు ప్లంబరు వచ్చి కొత్త పైపులు వేశాడు. అతుకుల జిగురు ఆరడానికి ఒక రోజు ఆగి, చేతిపంపుతో లోపల నీటి ఒత్తిడి పెంచి, గేజి ముల్లు గంటసేపు కదలకుండా నిలబడిందో లేదో నాకు చూపించి మరీ గోడ మూశారు. డబ్బులెవరిచ్చారని నేను అడగలేదు. అడగవలసిందని ఇప్పుడనిపిస్తుంది.

ఆ తరవాత నీళ్ల పరీక్ష. తవ్విన పల్లం అడుగునా, చుట్టూ గోడల మీదికీ నీరు దిగని పూత పూశారు. మూలల్లో సిమెంటుని గిన్నె అడుగులా గుండ్రంగా తిప్పారు, ఎందుకంటే పూత పగిలేది పదునైన మూలల్లోనేనట. పూత ఆరాక ట్రాపు గట్టిగా బిరడా బిగించి, పల్లంలో నీళ్లు పెట్టి, నీటిమట్టం దగ్గర గోడమీద పెన్సిలు గీత గీశాడు. పక్కనే వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి దానిమీదా ఒక గీత గీశాడు. "ఇదెందుకయ్యా?" అన్నాను. "మే నెల కదా వదినా, ఎండకి కొంత ఆవిరై పోతుంది. టబ్బులో ఎంత తగ్గిందో పల్లంలోనూ అంతే తగ్గితే ఆవిరి. పల్లంలో ఎక్కువ తగ్గితే దిగుతోందన్నమాట" అన్నాడు. మన ఇళ్లల్లో పాలు కొలుచుకునే ఆడవాళ్లం, ఇంత తేలిక కిటుకు మనకి తట్టలేదే అనుకున్నాను.

నలభై ఎనిమిది గంటలు అలా ఉంచాలి. రెండో పొద్దున చూస్తే టబ్బులో సన్నని వెంట్రుకవాసి తగ్గింది. పల్లంలో అరంగుళం తగ్గింది.

గదిలో నేనూ అతనే ఉన్నాం. ఇంకెవరూ చూడలేదు. నేనైతే ఆ గీతల అర్థం ఇంకా కూడబలుక్కుంటున్నాను. మేస్త్రీలు కింద టైళ్లు దింపించుకుని కూచున్నారు. మావారు పొరుగింట్లో స్నానం చేసి చేసి విసిగి ఉన్నారు. అతను తడబడకుండా కిందికి వెళ్లి, మేస్త్రీలని మూడురోజులు వేరే పని చూసుకోమని పంపించేశాడు. ట్రాపు గొట్టం స్లాబులోకి దిగే చోట పూత సరిగా అంటలేదు. గోకి, శుభ్రం చేసి, మళ్లీ పూసి, మళ్లీ నీళ్లు పెట్టాడు. "సైటులో అయితే నా పైన ఇంజినీరు ఉండేవాడు వదినా, ఆయన సంతకం పెడితే నా బాధ్యత తీరిపోయేది. ఇప్పుడు పై సంతకం లేదు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వులో అలసట నాకు కనిపించింది.

పద్నాలుగు రోజులన్నది ఇరవై ఒకటయ్యింది. గది మాత్రం అద్దంలా వచ్చింది. నేలమీద ఎక్కడ పోసినా నీరు పిలిచినట్టు జాలీ వైపే పోతోంది. మావారు 88,000 లెక్కపెట్టి ఇచ్చారు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

తరవాతి ఆదివారం మా తోటికోడలు వచ్చింది. మాటల్లో మాటగా పిల్లల స్కూలు ఫీజు గడువు దాటిందన్నది గానీ ఇంకేమీ అనలేదు. ఆ పిల్ల అసలు అడిగే మనిషి కాదు. నాకే మనసు ఊరుకోక మరిదిని పిలిపించి, "నీ లెక్కల పుస్తకం పట్రా" అన్నాను. తెచ్చాడు. దాన్ని పట్టుకెళ్లి మావారి ముందు పెట్టాను. తప్పొప్పులు నేను చెబితే ఆడంగి మాటంటారు, అంకెలు చెబితే వింటారు కదా!

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క పద్దూ వేలుతో దిగుతూ వచ్చారు. 8,000 లాభంలోంచి రాళ్లకి పోయింది 7,500. మిగిలింది 500. దాంట్లోంచి పైపులకి ఇచ్చినది 11,000. అంటే ఇరవై ఒక్క రోజులు ఎండలో తిరిగి, 10,500 ఎదురుపెట్టి, మన స్నానాలగది బాగుచేశాడు. ఆయన పుస్తకం చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, కళ్లజోడు తీసి, "ఒరే, మేస్త్రీ కూలీ ఉంది, చిల్లర కూలీ ఉంది, ట్రాక్టరు కిరాయి ఉంది. ఇందులో నీ జీతం ఎక్కడరా?" అన్నారు.

మరిది తెల్లబోయాడు. లాభమే తన జీతమనుకున్నాడు. పదిహేనేళ్లుగా నెల తిరిగేసరికి జీతం దానంతటది వచ్చి పడేది. సొంతపనిలో తన రోజుకూలీ కూడా సిమెంటు బస్తాలాగే ఒక ఖర్చని అతనికి తట్టలేదు. ఆడవాళ్లం మనకి ఇది ఆశ్చర్యం కాదు లెండి. ఇంటి ఖర్చుల పద్దులో మన చాకిరీ ఏనాడు రాసుకున్నాం గనక!

ఆ రాత్రి అన్నదమ్ములిద్దరూ భోజనాల బల్ల దగ్గర కూచుని అదే గదికి మళ్లీ ఎస్టిమేటు వేశారు. 80,000కి రాళ్లమోత 7,500 కలిపారు. అతని రోజుకి 1,500 చొప్పున ఇరవై ఒక్క రోజులు కలిపేసరికి 1,19,000 అయింది, ఇంకా లాభం వెయ్యకుండానే. "ఇంత ఎవరిస్తారన్నయ్యా?" అని మరిది డీలాపడ్డాడు. మావారు అడిగారు, "ఇరవై ఒక్క రోజులూ నువ్వు నిజంగా అక్కడ నిలబడాల్సిందేనా?" వేళ్లు మడిచి లెక్కపెడితే సగం రోజులు పూత ఆరడానికీ, సిమెంటు నీళ్లు తాగడానికీ, గీతలు చూడటానికీ పోయినవే. అప్పుడు ఇంకో ఇంట్లో పగలగొట్టే పని పెట్టుకోవచ్చు. అలా పది రోజుల కూలీ 15,000 వేస్తే 1,02,500. మీద పదోవంతు లాభం. మొత్తం 1,12,750. ఇది చెప్పుకోదగ్గ ధర. రెండు పనులు ఒకేసారి, అంతేగానీ మూడు కాదు. మూడోది ఒప్పుకుంటే ఏ గీతనీ వెళ్లి చూడలేడు.

ఇక నా వంతు వచ్చింది. "వదినా, నువ్వు నవలలు రాస్తావుగా, ఈ కాగితం నాలుగు ముక్కల్లో అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టు" అన్నాడు. ఎన్నో సీరియళ్లు రాశాను గానీ అంత కష్టపడి ఒక పేజీ ఎన్నడూ రాయలేదు. మొదటి భాగంలో కొలిచి చెప్పగల పని, ధర. రెండో భాగంలో "తెరిచి చూశాక తేలేవి". పైపు పాడైతే అడుక్కి ఇంత, స్లాబు కమ్మీ తుప్పు పట్టి ఉంటే ఆ పని విడిగా, ఏదైనా సరే ఫోటో తీసి చూపించి, ఇంటివారు సంతకం పెట్టాకే మొదలుపెట్టేది. మూడో భాగంలో ఈ ధరలో కలవనివి. నాలుగో భాగం డబ్బు. మొదలుపెట్టేముందు నూటికి ముప్ఫై, పైపుల పరీక్ష నిలిచాక ముప్ఫై, నీళ్ల పరీక్ష నెగ్గి టైళ్లు వేశాక ముప్ఫై, చివరి పది నెల్లాళ్లు ఆగి.

"చివరి పది వసూలు కాకపోతే?" అన్నాను.

"కిందింటి సీలింగే సాక్ష్యం చెబుతుంది" అన్నాడు.

నిజంగానే చెప్పింది. మా పని పూర్తయినరోజే కిందింటావిడ సీలింగుకి రంగు వేసెయ్యమంది. ఇతను వెయ్యనన్నాడు. లోపలి చెమ్మ ఆరకుండా రంగువేస్తే నెల తిరక్కుండా పొక్కులు లేస్తుందట. ఉప్పు పొంగు గోకించి, మచ్చ అంచు చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తారీకు వేశాడు. "మచ్చ ఈ గీతలోపలికి ముడుచుకుంటూ పోతే ఆరుతున్నట్టు. గీత దాటి బయటికి వస్తే నన్ను పిలవండి, డబ్బు లేకుండా వచ్చి చూస్తాను" అన్నాడు. ఆవిడ రోజూ దీపం పెట్టాక తలెత్తి ఆ గీత చూసేది. నెల తరవాత మా ఇండియా మ్యాపు అరచేయంత అయింది. ఇంకో మూడు వారాలకి పొడిబారి మాయమయింది. అప్పుడు రంగు వేయించాడు.

మావారు ఆ 11,000 ఒక కవరులో పెట్టి, పైన "పైపులు, 45 అడుగులు" అని రాసి మరిదికి ఇచ్చారు. క్షమాపణ చెప్పుకోవడం బ్యాంకువాళ్లకి అంతవరకే చేతనవును. మరిది కవరు జేబులో పెట్టుకుని, "అన్నయ్యా, ఇంకో 7,500 ఉంది, రాళ్లది" అన్నాడు. ఆయన ఉలిక్కిపడి చూశారు. "కాగితంలో రాయలేదు గనక అది నా తప్పు, అడగనులే. ఊరికే గుర్తుచేశాను" అని నవ్వాడు.

ఈసారి ఆ నవ్వులో అలసట లేదు. పరవాలేదు, పిల్లాడు కాంట్రాక్టరయ్యాడు అనుకున్నాను నేను.